ఇసుక పడవలో ఎంత బరువు వేయవచ్చు? ఖాళీ గీత నుంచి లెక్కకట్టే పద్ధతి

గోదావరి రేవుల్లో ఇసుక, ఇటుక, కొబ్బరికాయలు మోసే చిన్న పడవల విషయంలో "దీనికి ఎన్ని టన్నులు పడుతుంది?" అని అడిగితే సాధారణంగా వచ్చే సమాధానం అలవాటు మీద ఆధారపడినదే. ఆ అలవాటు అదే పడవకు, అదే సరుకుకు, అదే కాలానికి పనికివస్తుంది కానీ పడవ మారినా, సరుకు మారినా నమ్మదగింది కాదు. పడవ బరువు తూచే కాటా ఏ రేవులోనూ ఉండదు కాబట్టి, లెక్క కట్టడం పెద్ద సంస్థల పని అని కూడా చాలామంది అనుకుంటారు. నిజానికి పడవ బరువు తెలియనవసరం లేదు. ఖాళీ పడవ ఎక్కడిదాకా మునుగుతుందో, ఎక్కడిదాకా మునగవచ్చో, ఈ రెండు గీతల మధ్య ఎంత నీరు పడుతుందో తెలిస్తే చాలు, మిగిలినదంతా కొలబద్ద, తూకం గుండు, కాగితం చేసే పని.

ఇందులో సూత్రం ఒకటే, అది బడిలో చదివిన ఆర్కిమెడిస్ సూత్రమే. తేలుతున్న పడవ ఎంత బరువుంటుందో సరిగ్గా అంత బరువున్న నీటిని పక్కకు తొలగిస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు తొలగించిన నీరు పడవ సొంత బరువుకు సమానం, సరుకు వేసిన కొద్దీ పడవ దిగి, దిగిన భాగం కొత్తగా తొలగించే నీరు ఆ సరుకు బరువుకు సమానం. మంచినీరు ఒక ఘనమీటరు ఒక టన్ను ఉంటుంది. కాబట్టి రెండు గీతల మధ్య పడవ ఆక్రమించే చోటును ఘనమీటర్లలో కొలిస్తే, వచ్చిన అంకెనే టన్నులుగా చదువుకోవచ్చు.

ఈ వ్యాసంలో కట్టే లెక్కను చెక్కతో చేసిన, పైకప్పు లేని, సుమారు 10 మీటర్ల ఇసుక పడవకు అన్వయించి చూపిస్తాను. అది ప్రశాంతమైన నదిలో తిరిగే పడవ, సముద్రానికి వెళ్లేది కాదు. ఇనుప పడవకైనా ఇదే పద్ధతి. ఒక హెచ్చరిక మాత్రం ముందే చెప్పాలి: మీ పడవకు అధికారులు సర్వే చేసి గుర్తు వేసి ఉంటే, మీ లెక్క ఎంత చక్కగా వచ్చినా ఆ గుర్తే చివరి మాట. మన దేశంలో నదీ పడవలకు 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది. ఓడల విషయంలో అయితే ఇలాంటి గీత ఉండాలని పట్టుబట్టిన ప్లిమ్‌సాల్ అనే బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడి పేరే ఆ గీతకు స్థిరపడింది, అక్కడ ఆ చట్టం 1876లో వచ్చింది.

మొదటి పని ఖాళీ గీత పట్టుకోవడం. ఎండలో ఒడ్డున ఉండి ఎండిపోయిన పడవను నీటిలోకి దించి వెంటనే కొలిస్తే ఆ గీత తప్పు అవుతుంది, ఎందుకంటే చెక్క నీరు పీల్చుకున్నాక పడవ ఇంకా దిగుతుంది. అందువల్ల కనీసం కొన్ని రోజులు నీటిలో ఉన్న పడవనే కొలవండి. అడుగున ఊరిన నీరంతా తోడేయండి. ఇంజిను, చుక్కాని, తెడ్లు, లంగరు ఎప్పుడూ ఉండేవి కాబట్టి వాటిని ఉంచండి, మనుషులు, సరుకు, ఇంధన డబ్బాలు మాత్రం దింపండి. గాలి, అల లేని ఉదయం వేళ పడవకు ఇరువైపులా, ముందు, మధ్య, వెనుక భాగాల్లో నీరు తాకుతున్న చోట సుద్దతో గీసి, తరువాత రంగు వేయండి. మా ఉదాహరణలో ఈ గీత పడవ నడిమి అడుగు నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. కుడి, ఎడమ గీతల మధ్య తేడా రెండు సెంటీమీటర్లు దాటితే పడవలో ఏదో బరువు ఒక పక్కన ఉందని అర్థం, దాన్ని సరిచేసి మళ్లీ గీయండి.

రెండవ పని భద్రతా గీత నిర్ణయించడం. దీన్ని అడుగు నుంచి కాక పై నుంచి, అంటే పడవ గోడ పై అంచు నుంచి కిందికి కొలవాలి. ఎందుకంటే పడవను ముంచేది అడుగు లోతు కాదు, అంచు మీదుగా లోపలికి వచ్చే నీరు. నీటికీ అంచుకీ మధ్య మిగిలే ఎత్తు ఎంత ఉండాలో ఆలోచించేటప్పుడు మూడు విషయాలు కలిపి చూడండి: మీ రేవులో మామూలుగా వచ్చే అల ఎంత ఎత్తు, పడవ ఒరిగితే అంచు ఎంత దిగుతుంది, వేరే ఇంజిను పడవ పక్కనుంచి దూసుకుపోతే లేచే నీరు ఎంత. ఒరుగుడు సంగతి చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. మా పడవ వెడల్పు అంచు దగ్గర సుమారు రెండున్నర మీటర్లు, అది 5 డిగ్రీలు ఒరిగితే దిగే వైపు అంచు సుమారు 11 సెంటీమీటర్లు కిందికి వస్తుంది. ఇద్దరు మనుషులు ఒకే పక్కకు వెళ్లి తాడు లాగినా కొంత ఒరుగుతుంది కదా. అందుకే పైకప్పు లేని ఈ పడవకు నేను 35 సెంటీమీటర్లు మిగిల్చాను. నడిమి భాగంలో అంచు అడుగు నుంచి 105 సెంటీమీటర్ల ఎత్తు ఉంది కాబట్టి భద్రతా గీత 70 సెంటీమీటర్ల దగ్గర పడింది. గాలి ఎక్కువగా ఉండే విశాలమైన పాయలో అయితే నేను 35కు ఒప్పుకోను. అంచు అన్ని చోట్లా ఒకే ఎత్తులో ఉండదు, ఎక్కడ అతి తక్కువగా ఉందో అక్కడి నుంచే ఈ దూరం కొలవాలి.

ఇప్పుడు రెండు గీతల మధ్య దూరం 45 సెంటీమీటర్లు, అంటే 0.45 మీటర్లు. దీన్ని నీటి పైభాగంలో పడవ ఆక్రమించే వైశాల్యంతో గుణించాలి, ఇక్కడే పొరపాటు జరుగుతుంది. పడవ పెట్టె కాదు, ముక్కు దగ్గర సన్నబడుతుంది, వెనుక కొంత తగ్గుతుంది, గోడలు కిందికి వచ్చేకొద్దీ లోపలికి వంగుతాయి. అందువల్ల పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి "ఇంత పడుతుంది" అన్నవారి లెక్క ఎప్పుడూ ఎక్కువే వస్తుంది.

మూడవ పని కాబట్టి వెడల్పులను ఐదు చోట్ల కొలవడం. భద్రతా గీత స్థాయిలో పడవ పొడవు ముక్కు నుంచి వెనుక కొస వరకు 10 మీటర్లు అనుకుందాం. దాన్ని నాలుగు సమాన భాగాలు చేస్తే, రెండున్నర మీటర్లకు ఒకటి చొప్పున ఐదు చోట్లు వస్తాయి. ప్రతి చోటా రెండు అంచుల మీదా అడ్డంగా వంకర లేని పలకను ఉంచండి. పలక మీద రెండు వైపులా తూకం గుండు దారాలు వేలాడదీయండి, అవి అంచుకు ఆనుకొని గోడ పక్కన జారాలి. గోడ కిందికి లోపలికి వంగి ఉంటుంది కాబట్టి, గీత దగ్గర దారానికీ గోడకీ మధ్య కొంత ఖాళీ కనిపిస్తుంది. రెండు దారాల మధ్య దూరం నుంచి ఈ రెండు ఖాళీలను తీసేస్తే వచ్చేదే ఆ గీత దగ్గర పడవ అసలు వెడల్పు. కొలిచేది బయటి చెక్క వెలుపలి నుంచి, లోపలి నుంచి కాదు, నీటిని తొలగించేది బయటి తలమే. ఈ కొలతలు ఒడ్డున పడవను సమంగా నిలబెట్టి తీసుకుంటే చేయి వణకదు. ఇదే పనిని ఖాళీ గీత దగ్గర కూడా చేయాలి, అక్కడ పొడవు కొంత తక్కువ, 9.2 మీటర్లు ఉంది, భాగాల మధ్య దూరం 2.3 మీటర్లు.

మా పడవలో వచ్చిన వెడల్పులు ఇవి. ఖాళీ గీత దగ్గర ముక్కు నుంచి వెనకకు వరుసగా 0, 1.6, 2.0, 1.9, 0.6 మీటర్లు. భద్రతా గీత దగ్గర 0, 1.9, 2.3, 2.2, 0.8 మీటర్లు. ముక్కు కొస దగ్గర సున్నా రావడం సహజం. వెనుక కొస దగ్గర మీ పడవ బల్లపరుపుగా కత్తిరించినట్టు ఉంటే అంకె పెద్దగా వస్తుంది, అది కూడా సహజమే.

నాలుగవ పని ఈ ఐదు వెడల్పుల నుంచి నీటి పైభాగం వైశాల్యం తీయడం. నౌకా నిర్మాణంలో చిరకాలంగా వాడే సింప్సన్ నియమం ఇది. మొదటి, చివరి వెడల్పులను అలాగే ఉంచి, రెండవ, నాలుగవ వాటిని నాలుగుతో, నడిమి దాన్ని రెండుతో గుణించి కలిపి, భాగాల మధ్య దూరంలో మూడో వంతుతో గుణించాలి.

```
A = (h/3) × (w0 + 4·w1 + 2·w2 + 4·w3 + w4)

ఖాళీ గీత:   (2.3/3) × (0 + 6.4 + 4.0 + 7.6 + 0.6) = 14.26
భద్రతా గీత: (2.5/3) × (0 + 7.6 + 4.6 + 8.8 + 0.8) = 18.17
```

రెండూ చదరపు మీటర్లలో ఉన్నాయి. వాటి సగటు 16.21, దాన్ని 0.45తో గుణిస్తే 7.29 ఘనమీటర్లు. అంటే ఖాళీ గీత నుంచి భద్రతా గీత వరకు ఈ పడవ తొలగించే మంచినీరు 7.29 టన్నులు. గోడ వంపు ఎక్కువగా ఉండే పడవకు మధ్యలో ఇంకొక గీత తీసుకుని మూడు గీతలతో లెక్కిస్తే ఇంకా మంచిది. గోడలు దాదాపు తిన్నగా ఉన్న ఈ పడవకు ఆ మూడవ గీత దగ్గర 16.4 చదరపు మీటర్లు వచ్చింది, మొత్తం 7.35 టన్నులయింది, తేడా 60 కిలోలు మాత్రమే.

పెట్టె లెక్క ఎంత ప్రమాదమో ఇప్పుడు చూడండి. 10 మీటర్లు, 2.3 మీటర్లు, 0.45 మీటర్లు గుణిస్తే 10.35 టన్నులు వస్తుంది, అసలు కంటే మూడు టన్నులు ఎక్కువ. భద్రతా గీత దగ్గర ఈ పడవను ఒక సెంటీమీటరు దించడానికి కావలసింది 182 కిలోలు, ఎందుకంటే 18.17 చదరపు మీటర్లను 0.01 మీటరుతో గుణిస్తే 0.182 ఘనమీటర్లు. పైకి వెళ్లేకొద్దీ వెడల్పు పెరుగుతుంది కాబట్టి దిగుడు కొంచెం మందగిస్తుంది. అలాగని చూసినా ఆ అదనపు మూడు టన్నులకు పడవ ఇంకో 16 సెంటీమీటర్లు దిగి, మిగిలిన 35లో 19 మాత్రమే ఉంటుంది. 5 డిగ్రీలు ఒరిగితే చేతి వెడల్పంత మాత్రమే మిగులుతుంది.

ఐదవ పని తీసివేతలు. 7.29 టన్నులు మొత్తం సరుకుకు కాదు. నలుగురు మనుషులకు 300 కిలోలు, ఇంధనం, తాళ్లు, భోజనం వంటివాటికి 100 కిలోలు తీయండి. చెక్క పడవ అతుకుల్లోంచి నీరు ఊరుతూనే ఉంటుంది కాబట్టి, ఒక ప్రయాణంలో తోడకుండా ఉంటే చేరగల నీటికి కొంత వదలాలి. అడుగున 10 చదరపు మీటర్ల మేర 5 సెంటీమీటర్ల నీరు చేరితే 500 కిలోలు. ఇక కొలతల్లో తప్పుల కోసం నేను పదో వంతు, అంటే 730 కిలోలు వదులుతాను. ఇవన్నీ తీస్తే మిగిలేది 5.66 టన్నులు. సరుకు 5.6 టన్నులకు మించకూడదని రాసుకోవడం మంచిది.

ఆరవ పని ఈ బరువును రేవులో మాట్లాడుకునే కొలతలోకి మార్చడం. ఇసుకను యూనిట్లలో లెక్కిస్తారు, ఒక యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు, సుమారు 2.83 ఘనమీటర్లు. ఎండిన ఇసుక ఘనమీటరుకు 1.6 టన్నుల వరకు తూగుతుంది, కాబట్టి ఒక యూనిట్ నాలుగున్నర టన్నులు. అయితే నీటిలోంచి అప్పుడే తీసి పడవలో పోసిన తడి ఇసుక 1.9 టన్నుల వరకు పోతుంది, అప్పుడు అదే యూనిట్ దాదాపు 5.4 టన్నులు. అంటే ఈ పడవకు తడి ఇసుక ఒక యూనిట్ నిండుగా సరిపోతుంది, రెండవ యూనిట్‌కు చోటు ఉన్నట్టు కంటికి కనిపించినా అది ఇసుకకు కాదు. ఇసుకలోంచి కారిన నీరు అడుగున చేరితే బరువు తగ్గినట్టు అనిపిస్తుంది, కాని ఆ నీరు తోడి బయట పోసేవరకు పడవ మోస్తూనే ఉంటుంది. ఇటుకలు వేసేటప్పుడు పది ఇటుకలు తూచి సగటు తీసుకోండి. ఒక్కోటి 3 కిలోలు ఉంటే 1,850 వరకు వేయవచ్చు.

కొబ్బరికాయలు, ఎండుగడ్డి వంటి తేలికైన సరుకులకు ఈ లెక్క మాత్రమే నమ్ముకోకండి. ఆ సరుకు 5.6 టన్నులకు చేరకముందే అంచు కంటే ఎంతో పైకి పేరుకుంటుంది, అప్పుడు పడవ దిగిపోవడం కంటే తిరగబడడమే భయం. భద్రతా గీత చెప్పేది ఎంత దిగుతుందో, ఎంత స్థిరంగా నిలుస్తుందో చెప్పదు. అందువల్ల గుట్ట అంచుకు పైకి లేవకుండా ఉంచడం, బరువైనది అడుగున, తేలికైనది పైన వేయడం, ఊరిన నీటిని అటూ ఇటూ పారనీయకుండా తోడేయడం వేరే నియమాలు. ఊరిన నీరు పడవ ఒరిగిన వైపుకే పరుగెత్తుతుంది, ఒరుగుడును ఇంకా పెంచుతుంది.

ఏడవ పని, నా దృష్టిలో అన్నింటి కంటే ముఖ్యమైనది, లెక్కను నీటి మీద సరిచూడడం. 50 కిలోల సిమెంటు బస్తాలు 20 తీసుకుని, తడవకుండా అడుగున బల్లల మీద, పడవ నడిమి భాగంలో రెండు వైపులా సమంగా పేర్చండి. అది ఒక టన్ను. ఖాళీ గీత దగ్గర పడవ వైశాల్యం 14 చదరపు మీటర్ల కంటే కొంచెం ఎక్కువ కాబట్టి, పడవ సుమారు 7 సెంటీమీటర్లు దిగాలి. మీరు బస్తాలు పేర్చిన తరువాత పడవ దిగి ఒడ్డున నిలబడి కొలవండి, లేకపోతే మీ బరువు కూడా లెక్కలోకి వస్తుంది. 6.5 నుంచి 7.5 మధ్య దిగితే మీ కొలతలు నమ్మదగినవి. 9 దిగితే వెడల్పులు ఎక్కువగా కొలిచారని అర్థం, భద్రతా గీత దగ్గరా అదే తప్పు ఉండే అవకాశం ఉంది, మళ్లీ కొలవండి. నేను మొదటిసారి ఈ పరీక్ష చేసినప్పుడు పలక ఒక అంచు మీద మేకుకు ఆనుకొని వంకరగా కూర్చోవడం వల్ల రెండు వెడల్పులు పది సెంటీమీటర్లు ఎక్కువగా వచ్చాయి, బస్తాలు లేకపోతే తెలిసేది కాదు.

ఉప్పునీటి సంగతి కొంత చెప్పాలి. సముద్రపు నీరు ఘనమీటరుకు 1,025 కిలోలు ఉంటుంది. అక్కడ అదే బరువుకు పడవ కొంచెం తక్కువ మునుగుతుంది. అంతర్వేది వంటి నదీముఖం దగ్గర ఉప్పు నీటిలో గీత వరకు నింపి పైకి, మంచినీటిలోకి వస్తే, సరుకు మారకుండానే పడవ దిగుతుంది. ఈ పడవ ఖాళీ బరువు రెండున్నర, మూడు టన్నుల మధ్య అనుకుంటే, మొత్తం పది టన్నుల మీద ఆ దిగుడు ఒకటిన్నర సెంటీమీటర్లకు మించదు. ఇంత చిన్న పడవకు దాన్ని పెద్ద ఇబ్బందిగా చూడనక్కరలేదు, కానీ ఉప్పునీటిలో మిగిలిన చోటును అదనపు సరుకుకు వాడుకోవడం మాత్రం సరికాదు.

ఇక రోజూ చేయవలసిన పని. భద్రతా గీతను పడవకు రెండు వైపులా, నడిమి భాగంలో, రెండు అంగుళాల వెడల్పుతో తెల్ల రంగుతో వేయించండి. గీతకు పై అంచే అసలు హద్దు అని పనివారందరికీ చెప్పండి. సరుకు వేస్తున్నప్పుడు ముందు, వెనుక, కుడి, ఎడమ వైపుల అంచు నీటికి ఎంత ఎత్తులో ఉందో చూసి, అతి తక్కువ ఉన్న చోటే లెక్కలోకి తీసుకోండి. ముక్కు దిగి వెనుక లేచి ఉంటే సగటు బాగానే ఉన్నా ముక్కు దగ్గర నీరు ఎక్కవచ్చు, ఆ సరుకును వెనక్కు జరపాలి.

ఇంకొక సంగతి: 5.6 టన్నులు, నలుగురు మనుషులు, సామాన్లు అన్నీ ఎక్కి, అడుగున నీరంతా తోడేసి రేవు వదిలే సమయానికి గీత నీటిని తాకకూడదు. ఊరిన నీటికీ, కొలతల తప్పుకూ వదిలిన 1.23 టన్నుల చోటు ఇంకా ఖాళీగా ఉంది కాబట్టి, గీత నీటికి సుమారు 7 సెంటీమీటర్ల పైన కనిపించాలి. అది 4 సెంటీమీటర్లే కనిపిస్తే, ఇసుక తడి ఎక్కువైనా ఉండాలి, వేసిన సరుకు ఎక్కువైనా ఉండాలి, లేదా అడుగున ఊట ఉండాలి. నడి ఏటిలో గీత కిందికి దిగుతున్నట్టు కనిపిస్తే, ప్రతి సెంటీమీటరుకు సుమారు 180 కిలోల నీరు లోపలికి వచ్చినట్టు, అంటే 20 లీటర్ల బకెట్లు తొమ్మిది. తోడడం మొదలుపెట్టండి, తోడిన బకెట్లు లెక్కపెట్టండి, తొమ్మిది బకెట్లకు గీత ఒక సెంటీమీటరు పైకి లేవకపోతే ఊట మీరు తోడే వేగం కంటే ఎక్కువగా ఉంది. అప్పుడు దగ్గరి ఒడ్డుకు తిప్పి, ఇసుక దింపాలి.